కూలర్ గాలి ఎవరి లెక్కలో?

జాకెట్టు మెడకు పైపింగు తిప్పేటప్పుడు వినోద ఎవరితోనూ మాట్లాడదు. ఎడమ చూపుడు వేలితో వంపును సూది కిందికి తోస్తూ, కుడి చేత్తో వెనక నుంచి బట్టను లాగీ లాగనట్టు పట్టుకుని, పెడల్ మీద కాలు పూర్తిగా మోపకుండా కుట్టాలి. మిషను గర్రుమంటుంది, ఆగుతుంది, మళ్లీ గర్రుమంటుంది. సరిగ్గా మలుపు దగ్గరికి వచ్చేసరికి కోమల వచ్చి మిషను బల్ల మీద ఒక పొడుగాటి చీటీ పెట్టింది.

"అక్కా, ఇది చూసినవా?"

"చేతుల పనున్నది కోమలా. ఏందది?"

"కరెంటు బిల్లు. పదహారు వందల ఎనభై."

వినోద కాలు తీసేసింది. సూది బట్టలోనే ఆగింది. "ఎంత?"

"పదహారు వందల ఎనభై. పోయిన నెల ఎనిమిది వందల యాభై ఐదు. నేను పద్దెనిమిది రోజులు ఈడ లేనే లేను. మెట్‌పల్లిల మా అవ్వ కంటి ఆపరేషన్ దగ్గర ఉన్న. నేను లేని నెలల బిల్లు డబుల్ అయిందంటే ఎట్లక్కా?"

కరీంనగర్ కిసాన్‌నగర్‌లో, బాలలక్ష్మి ఇంటి పైఅంతస్తులో ముగ్గురు ఉంటారు. రెండు గదులు, ఒక హాలు, వంటిల్లు. కోమలకు ఒక గది. ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇంకో గది నవీనది. మందమర్రి పిల్ల, హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే ల్యాప్‌టాప్‌లో పని చేస్తుంది. హాలు వినోదది. ఆ హాలులోనే మిషను, ఇస్త్రీ బల్ల, బట్టల మూటలు, పడుకునే పరుపు. అద్దె ఎవరి వంతు వాళ్లకు ముందే తేలిపోయింది. కరెంటు, ఇంటర్నెట్ మాత్రం మొదటి నెల నుంచీ మూడు భాగాలు. ఎనిమిది నెలలుగా ఎవరూ నోరు మెదపలేదు, ఎందుకంటే బిల్లు తొమ్మిది వందలు దాటలేదు గనుక. చిన్న బిల్లు ఉన్నన్నాళ్లూ అందరూ మంచివాళ్లే.

నవీన మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని గదిలోంచి వచ్చింది. ఆమె వెనక కూలర్ చల్లగాలి కూడా వచ్చింది.

"ఏందే? కాల్‌ల ఉన్న."

"బిల్లు," అంది కోమల. "నేనుండింది పన్నెండు రోజులు. పన్నెండు రోజులకే ఇస్త. వైఫైకి గూడ గంతే."

"వైఫైకి రోజుల లెక్క ఏందే? నువ్వున్నా లేకున్నా ఏడు వందల ఏడు రూపాయలే గదా. నువ్వు ఊరికి పోయినవని కంపెనీవాడు తగ్గిచ్చిండా? మూడు భాగాలంటే మూడు భాగాలే."

"మరి నువ్వు పొద్దంత గా వైఫై మీదనే జీతం సంపాయిస్తుంటివి గదా?"

"నేను జీతం సంపాయిస్తున్న, అక్క మిషను మీద సంపాయిస్తలేదా?" నవీన హాలు వైపు చెయ్యి చూపించింది. "పొద్దున తొమ్మిదింటికి గర్రున మొదలైతది, రాత్రి ఎనిమిదింటిదాకా గర్రు గర్రే. నాకు కాల్‌లు గూడ వినవడవు. మోటరక్కా అది. మోటరు తిరిగితే మీటరు తిరగదా?"

వినోద సూది ఎత్తి, బట్ట తీసి చూసింది. ఆపిన చోట కుట్టు మీద కుట్టు పడి చిన్న ముడి లేచింది. విప్పాలి. నాలుగు అంగుళాలు విప్పితే గానీ వంపు సరిగా కూర్చోదు. ఆమెకు చిరాకు బిల్లు మీద వచ్చిందో, ఆ ముడి మీద వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"పని కానియ్యుర్రి నన్ను. సాయంత్రం మాట్లాడుకుందాం."

సాయంత్రం దాకా ఆ మాట ఆగలేదు. నవీన పాల ప్యాకెట్టుకు కిందికి దిగినప్పుడు బాలలక్ష్మి అడిగింది, నవీన చెప్పింది. ఐదు గంటలకల్లా బాలలక్ష్మి మెట్లెక్కి వచ్చి మిషను ముందు నిలబడింది. మనిషి చెడ్డది కాదు. భర్త దుబాయిలో ఉంటాడు, ఇంటి బిల్లులన్నీ ఆమె పేరు మీద, ఆమె ఫోను మీద నడుస్తాయి. నిరుడు ఇదే అంతస్తులో ఉన్నవాళ్లు మూడు వేల కరెంటు బిల్లు ఎగ్గొట్టి ఖాళీ చేసి పోయారు. అప్పటి నుంచి బిల్లు పెరిగిందంటే ఆమెకు ఆ మూడు వేలే గుర్తొస్తాయి.

"వినోదా, నీ మిషను కరెంటు మస్తు గుంజుతున్నదట."

"ఎవలన్నరక్కా?"

"ఎవలన్నరన్నది కాదు. డబుల్ అయిందా లేదా? చూడు బిడ్డా, ఇరవై రెండు ఆఖరు తారీఖు. అప్పటిదాంక మీరు మీరు తేల్చుకోని పైసలు నా చేతుల పెట్టాలె. తేలకుంటే, ఒకటో తారీఖు నుంచి నీ మిషను ఈ ఇంట్ల ఉండొద్దు. ఏదన్న షెట్టరు చూసుకో. నువ్వుండు, నాకేం బాధ లేదు. మిషను వద్దు."

నువ్వుండు, మిషను వద్దు. వినోదకు ఈ రెండూ వేరు వేరు సంగతులు కావు.

ఆమెది సిరిసిల్ల. బాపు పర్శరాములు పవర్‌లూమ్ షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడు. అవ్వ బీడీలు చుట్టేది. వినోద పదో తరగతితో బడి మానేసింది. ఆమెకు కుట్టు ఎవరూ నేర్పలేదు. పక్కింటావిడ పారేసిన పాత జాకెట్టును దారం దారం విప్పి, ఏ ముక్క ఎక్కడ కూర్చుందో పాత పేపరు మీద గీసుకుని, మళ్లీ కుట్టింది. మూడు సార్లు కుట్టి మూడు సార్లు విప్పింది. నాలుగోసారి చంక దగ్గర ముడత పోయింది. ఆ ముడత ఎందుకు పోయిందో అర్థమైన రోజే ఆమె టైలరు అయింది. కరీంనగర్ వచ్చి ఆరేళ్లు వేరేవాళ్ల దుకాణంలో జాకెట్టుకు ఇంతని కుట్టింది. చిట్టీ ఎత్తి ఈ మోటరు మిషను కొన్నది. షెట్టరు అంటే దుకాణం గది, నెలకు నాలుగు వేలు, అడ్వాన్సు వేరే. అంత లేదు. మిషను ఇల్లు దాటితే ఆమె మళ్లీ ఆ దుకాణంలో ఎవరి కిందో కూర్చోవలసిందే. ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి.

బాలలక్ష్మి దిగిపోయాక నవీన తలుపు దగ్గర నిలబడింది. "అక్కా, నేను మిషను తియ్యమని అనలే. సౌండు వస్తదన్న, అంతే."

"అన్నవు గదా. అయిపోయింది."

"మరి లెక్క ఎట్ల?"

"మాటలతోని తేలదది," అంది వినోద. "కొలవాలె."

కొలవడానికి ఏముంది? బిల్లులో రెండు వందల అరవై ఎనిమిది యూనిట్లని ఉంది. ఏ వస్తువు ఎన్ని తిన్నదో రాసి లేదు. వినోద తన మిషను మోటరులో అరిగిన కార్బన్ బొగ్గులు మార్చే గోపాల్‌కు ఫోను చేసింది. వైండింగు షాపు అతను.

"గోపాలన్నా, నా మిషను గంటకు ఎంత కరెంటు గుంజుతది?"

"నన్నడుగుడెందుకక్కా, మీటరునే అడుగు. దాని మీద ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటది చూడు. పక్కనే సన్నగ రాసి ఉంటది, ఎన్ని మిణుకులకు ఒక యూనిటో. మీకాడ మూడు వేల రెండు వందలు ఉండొచ్చు. ఒక్క వస్తువు పెట్టి, మిగతాయి బంద్ చేసి, మిణుకులు లెక్కపెట్టు."

మెట్ల కింద మీటరు మూత మీద చూస్తే నిజంగానే ఉంది. 3200. ఎనిమిది నెలలుగా దాని పక్క నుంచే ఎక్కి దిగుతోంది, ఎప్పుడూ చదవలేదు.

ఆదివారం పొద్దున పది గంటలకు కొలత మొదలైంది. వినోద కోమలను మీటరు ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టింది, చేతిలో ఫోను, అందులో ఆరు నిమిషాల టైము. ఆరు నిమిషాలే ఎందుకంటే పదితో గుణిస్తే గంట అవుతుంది. పైన నవీన స్విచ్చుల దగ్గర. వినోద మెట్ల మధ్యలో నిలబడింది, కింది మాట పైకి, పైమాట కిందికి అందించడానికి.

"అన్నీ బందేనా?"

"అన్నీ బందేనక్కా."

"కోమలా, లైటు మిణుకుతున్నదా?"

"మిణుకుతున్నదక్కా! ఎవలో మన కరెంటు దొంగతనం చేస్తున్నరు!"

పక్క వాటా బాల్కనీలో బట్టలారేస్తున్న మనిషి ఆగి చూసింది. వినోద పరుగున పైకి వెళ్లింది. ఫ్యాన్లు లేవు, లైట్లు లేవు, వైఫై డబ్బా కూడా ఆరిపోయి ఉంది. వంటింట్లో ఫ్రిజ్ మాత్రం నిదానంగా గురక పెడుతోంది.

"నవీనా, అన్నీ బందంటివి గదనే."

"ఫ్రిజ్ గూడనా? అది బంద్ చేస్తరా ఎవలన్న?"

ఫ్రిజ్ ప్లగ్గు పీకాక మీటరు కన్ను మూసుకుంది. మొదట మిషను. వినోద రోజూ కుట్టినట్టే కుట్టింది, జాకెట్టు పక్కలు రెండు, చేతులు రెండు. ఆపుతూ, తిప్పుతూ, కత్తిరిస్తూ. ఆరు నిమిషాలు.

"పదమూడు!" అని కింద నుంచి కేక వచ్చింది.

"సరిగ్గ చూసినవా?"

"నర్సునక్కా నేను. నాడి లెక్కవెట్టేదాన్ని. పదమూడే."

తర్వాత నవీన కూలర్. కోమల నలభై దాకా లెక్కపెట్టింది. బాలలక్ష్మి బయటికి వచ్చి, "ఏం చేస్తున్నరే మీటరు ముంగట కూసోని?" అని అడిగింది. "ఆంటీ, నలభై రెండు... కాదు, మూడు... అయ్యో!" అంది కోమల. మళ్లీ మొదటి నుంచి ఆరు నిమిషాలు. ఈసారి అరవై నాలుగు.

నవీన పై నుంచి తొంగి చూసింది. "అరవై నాలుగా? అది కూలరక్కా. ఏసీ కాదు. ఫ్యాను, కొన్ని నీళ్లు."

"ఫ్యానే. పెద్ద ఫ్యాను. దాని కింద నీళ్ల మోటరు," అంది వినోద.

"కానీ చప్పుడే రాదు గదా దానికి?"

ఇక్కడే తెలిసింది వినోదకు నవీన తప్పు ఎక్కడుందో. ఆ పిల్లకు దొంగబుద్ధి లేదు. వాళ్ల నాన్న బొగ్గుబాయి కార్మికుడు. నవీన పుట్టి పెరిగింది కంపెనీ క్వార్టర్లలో. అక్కడ ఇంట్లో హీటరు కాయిల్ మీద పొద్దంతా నీళ్లు కాగేవి, కూలర్ నాలుగు నెలలు ఆగకుండా తిరిగేది, కరెంటు బిల్లు అని ఒక చీటీ ఇంటికి వచ్చిన గుర్తు ఆమెకు లేదు. చప్పుడు చేసేది ఎక్కువ తింటుందని, మెత్తగా తిరిగేది తక్కువ తింటుందని ఆమె లెక్క. మనుషుల విషయంలో కూడా చాలామంది లెక్క అదే.

తర్వాత ఇస్త్రీ పెట్టె. ఇది వినోదది. ఆమె ఒక చీర, రెండు జాకెట్లు రుద్దింది. పెట్టె వేడెక్కి ఆగుతూ, మళ్లీ వెలుగుతూ. కోమల కేక పెట్టింది: "నూట అరవై!"

వినోద పెట్టెను నిలబెట్టి మనసులోనే లెక్క వేసింది. మిషను కంటే పన్నెండు రెట్లు. గంటకు అర యూనిట్. రోజుకు గంట రుద్దితే నెలకు పదిహేను యూనిట్లు. మిషను రోజుకు ఆరు గంటలు నడిచినా నెలకు ఏడే. ఆమెను తిట్టాల్సింది మిషను గురించి కాదు. కానీ ఇస్త్రీ గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. దానికి నోరు లేదు.

చివరికి కోమల గదిలోంచి బకెట్టు, నీళ్ల రాడ్డు తెప్పించింది.

"నాదెందుకక్కా? ఎండకాలం!"

"ఎండకాలంల గూడ డ్యూటీ నుంచి రాంగనే వేన్నీళ్లతోనే తానం చేస్తవు గదా."

"ఆసుపత్రి నుంచి వస్తనక్కా, రోగాలు..."

"తప్పని నేనన్ననా? ఎంతో చూద్దాం, అంతే."

వంతు మార్చి నవీనను స్టూలు మీద కూర్చోబెట్టారు. రాడ్డు పెడితే లైటు ఆగకుండా కొట్టుకుంది, మూడు వందల ఇరవై. నవీన పైకి వచ్చి, "కోమలా, నీది నా కూలర్‌కు తాతనే!" అని చప్పట్లు కొట్టింది. కోమల ముఖం ముడుచుకుంది. "అర్ధగంట పెడ్త నేను. నీది పదహారు గంటలు."

మధ్యాహ్నం వినోద నోటు పుస్తకంలో చివరి పేజీలు తెరిచింది. ముందు పేజీలన్నీ కొలతలే, ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై, చెయ్యి తొమ్మిది. ఆ రాత అలవాటుతోనే ఇదీ రాసింది. పైన తారీఖులు: ఏప్రిల్ ఎనిమిది నుంచి మే ఎనిమిది, ముప్పై రోజులు. తను ముప్పై, నవీన ముప్పై, కోమల పన్నెండు. మొత్తం డెబ్బై రెండు మనిషి రోజులు.

"ఆగక్కా," అంది కోమల. "గా పన్నెండుల నాలుగు రాత్రులు డ్యూటీల ఉన్న. అవి తీసెయ్యి."

"మరి నేను రెండు ఆదివారాలు మందమర్రికి పోయిన," అంది నవీన. "పొద్దున పోయి రాత్రికి వచ్చిన. అర్ధం అర్ధం తియ్యాలె."

"నేను పెళ్లి జాకెట్ల కొలతలకు మూడు పూటలు బయటికి పోయిన," అంది వినోద పెన్ను కింద పెట్టి. "బాత్రూంకు పోయినప్పుడు లైటు బంద్ చేసి పోయిన. అది గూడ రాయాల్నా?"

వినోద మళ్లీ పెన్ను తీసుకుంది.

"బట్టల సంచి సదురుకొని ఊరికి పోతే అది పోవుడు. తాళం చెవి చేతుల పెట్టుకొని పోయి మర్నాడు వస్తే అది ఉండుడే. గంతే."

ఆ తర్వాత ఎవరి సొంత వాడకం వాళ్లకు. కూలర్ గంటకు సున్నా పాయింట్ రెండు యూనిట్లు. ఏప్రిల్ పన్నెండున వచ్చింది, ఇరవై ఆరు రోజులు, రోజుకు పదహారు గంటలు. ఎనభై మూడు. ల్యాప్‌టాప్, దాని పక్కన పెద్ద తెర, పన్నెండు. మొత్తం నవీనవి తొంభై ఐదు. తనవి, మిషను ఏడు, ఇస్త్రీ పదిహేను, ఇరవై రెండు. కోమల రాడ్డు పన్నెండు రోజులకు ఆరు, రెండు రోజులు రెండు పూటలా పెట్టినందుకు ఇంకొకటి, మొత్తం ఏడు. ఇవన్నీ కలిపితే నూట ఇరవై నాలుగు. రెండు వందల అరవై ఎనిమిదిలోంచి తీసేస్తే నూట నలభై నాలుగు మిగిలాయి, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, నీళ్ల మోటరు. డెబ్బై రెండు రోజులతో భాగిస్తే మనిషికి రోజుకు సరిగ్గా రెండు యూనిట్లు.

"నేను లేనప్పుడు గూడ ఫ్రిజ్ నడిచింది గదా, అది నా మీద పడలే గదా?" అంది కోమల, పేజీ మీదికి వంగి.

"పడలే. నువ్వు లేని రోజులు నువ్వు లేవు."

"మరి ఎనభై ఆరు యూనిట్లు ఎక్కువైతే బిల్లు డబుల్ ఎట్లయింది?" నవీన అడిగింది. ఈసారి గొంతులో పోట్లాట లేదు, నిజంగానే తెలియక అడిగింది.

వినోద రెండు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టింది. "రెండు వందల యూనిట్ల లోపల ఒక రేటు. రెండు వందలు దాటినవనుకో, దాటిన వాటికే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు మారుతది. పోయిన నెల నూట ఎనభై రెండు కాలినయి, గీత కింద ఉన్నం. ఈ నెల గీత దాటినం. కూలర్ లేకుంటే నూట ఎనభై ఐదుల ఆగేది. తొమ్మిది వందల లోపలనే వచ్చేది."

"అంటే ఎక్కువైందంతా నా మీదనేనా? ఎనిమిది వందలు?" నవీన కళ్లు పెద్దవయ్యాయి. "అక్కా, ఈ నెల జీతం ఇంక పడలే నాకు."

వినోద ఆ లెక్క కూడా వేసి పెట్టింది. పెరిగిందంతా కూలర్ మీద వేస్తే తన వంతు మూడు వందల ఎనభై ఐదు. మనసుకు హాయిగా ఉన్న అంకె అది. నా మిషను మీద పడి ఏడ్చావు గదా, కట్టు ఇప్పుడు, అని నాలుక చివరి దాకా వచ్చింది.

"కట్టుమంటే కడ్త గానీ," అంది నవీన, "మధ్యాహ్నం ఒంటిగంట కాంగనే మిషను నా తలుపు కాడికి జరుపుకొని కుట్టింది ఎవలక్కా? 'నవీనా, జర తలుపు తెరిచి పెట్టే' అన్నది ఎవలు? గా గాలి ఎవల లెక్కల రాసినవు?"

కోమల నవ్వు ఆపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకుంది.

వినోదకు ఒళ్లు మండింది. నవీన మీద కాదు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, రేకుల వేడి దిగే హాలులో, రోజూ ఒంటిగంట నుంచి ఐదింటి దాకా ఆ తలుపు దగ్గర చల్లగా కూర్చుని కుట్టింది తనే. ఆ నెల పని త్వరగా తెమిలింది కూడా అందుకే. అన్నీ కొలిచి, మిణుకులు లెక్కపెట్టి, తను తిన్న గాలి మాత్రం కొలవలేదు. తప్పు కత్తిరించిన బట్ట ముందు కూర్చున్నట్టు అనిపించింది ఆమెకు. తప్పు కత్తిరిస్తే ఏం చేస్తారు? అతుకు వేస్తారు, అతుకు కనపడకుండా కాదు, సరిగ్గా కూర్చునేలా.

"నిజమే," అంది. "రాయలే. రాస్త."

రోజుకు నాలుగు గంటలు, ఇరవై ఆరు రోజులు. ఇరవై ఒక్క యూనిట్లు. అందులో సగం తనది. పదిన్నర, అర తక్కువగా ఎందుకని పదకొండు వేసుకుంది. నవీన లెక్కలోంచి పదకొండు కొట్టేసి తన కింద రాసింది. ఇక పెరిగిన రేటు సంగతి. "కూలర్ తెచ్చిననాడు గీత సంగతి నీకు తెల్వదు, నేనూ చెప్పలే, కోమల గూడ అడుగలే. ఈ నెలకు అందరికీ ఒకటే రేటు. వచ్చే నెల నుంచి గీత దాటితే దాటిచ్చినోళ్లదే."

యూనిట్ ఒక్కంటికి సగటున ఆరు రూపాయల ఇరవై ఏడు పైసలు. వినోదకు తొంభై మూడు యూనిట్లు, ఐదు వందల ఎనభై మూడు రూపాయలు. నవీనకు నూట నలభై నాలుగు, తొమ్మిది వందల మూడు. కోమలకు ముప్పై ఒకటి, నూట తొంభై నాలుగు.

కోమల వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. "అక్కా! మూడు భాగాలు చేస్తే నీకు ఐదు వందల అరవై పడేది. గింత కష్టపడి కొలిచి నువ్వు ఇరవై మూడు రూపాయలు ఎక్కువ కడ్తున్నవు!"

"కడ్త."

"పిచ్చిదానివి."

"నేను తక్కువ కట్టాలని కొల్వలే కోమలా."

ఇంటర్నెట్ దగ్గర మళ్లీ అరగంట పట్టింది. నెలకు ఎంత వాడినా ఒకటే డబ్బు కాబట్టి వాడకం కొలిచి లాభం లేదు. రోజులతో కొలిస్తే నవీన ఒప్పుకోదు, మూడు భాగాలంటే కోమల ఒప్పుకోదు. వినోద వేరే ప్రశ్న వేసింది. "మేమిద్దరం లేకుంటే నువ్వు వైఫై పెట్టిచ్చుకోకపోదువా?"

"పెట్టిచ్చుకుందును. పని ఆగుతది గదా."

"నువ్వు లేకుంటే మేం పెట్టిచ్చుకుందుమా?"

నవీన ఆలోచించింది. వినోదకు ఫోనులో జాకెట్టు డిజైన్లు చూసుకోవడానికి, కోమలకు వాళ్ల అవ్వతో వీడియోలో మాట్లాడడానికి సిమ్ములో నెట్టు చాలు. "పెట్టిచ్చుకోకపోదురు," అని ఒప్పుకుంది. అందుకని సగం నవీనది. మిగిలిన సగం ఉన్న రోజుల లెక్కన. నవీనకు మొత్తం ఐదు వందల ఒకటి, వినోదకు నూట నలభై ఏడు, కోమలకు యాభై తొమ్మిది. నవీన మొహం మాడ్చుకుంది గానీ, ప్రశ్నకు జవాబు చెప్పింది తనే కాబట్టి వెనక్కి తీసుకోలేకపోయింది. జీతం పడేదాకా ఆమె కరెంటు డబ్బులో మూడు వందలు కోమల సర్దింది. అదీ కాగితం మీద రాశారు.

వచ్చే నెల సంగతి కూడా ఆ రోజే తేల్చారు. సిరిసిల్ల షెడ్డుల్లో షిఫ్టు మారేటప్పుడు మగ్గం మీద బట్ట అంచున సుద్దతో ఒక గీత గీస్తారు. ఆ గీత దాకా పొద్దటి మనిషి నేసింది, ఆ తర్వాత రాత్రి మనిషిది. బాపు గీత గీయకుండా మగ్గం దిగేవాడు కాదు. వినోద తన మార్కింగు సుద్దతో మీటరు పక్క గోడ మీద అప్పటి అంకె రాసింది. ఊరికి పోయేవాళ్లు పోయేముందు, వచ్చాక, మీటరు అంకె అక్కడ రాసి పక్కన పేరు పెట్టాలి. రెండు గీతల మధ్య కాలింది ఆ రోజుల్లో ఉన్నవాళ్లదే.

"గోడకు సున్నం వేసి ఏడాది కాలే," అంది బాలలక్ష్మి కిందనుంచి.

"సుద్దనే అక్కా. తుడిస్తే పోతది."

ఇరవై ఒకటో తారీఖు పొద్దున, పనులు మొదలయ్యే ముందు, వినోద తెల్లకాగితం మీద లెక్క శుభ్రంగా దించింది. కొట్టివేతలు లేకుండా, వస్తువుకు ఒక వరస, మనిషికి ఒక వరస. కింద ముగ్గురి సంతకాలు. నవీన తన పేరు రాసి, దాని పక్కన "కూలర్‌తో సహా" అని రాసింది. వినోద ఆ కాగితం, పదహారు వందల ఎనభై రూపాయలు పట్టుకుని కిందికి దిగింది. ఇంటర్నెట్ డబ్బు నవీన ఫోనులోనే కట్టేసింది.

బాలలక్ష్మి కళ్లద్దాలు పెట్టుకుని కాగితం పై నుంచి కింది దాకా చదివింది. నోట్లు ఇంకా వినోద చేతిలోనే ఉన్నాయి.

"మిషను ఏది?"

"మూడో వరస."

"ఏడా? ఏడు యూనిట్లా? నెలకా?"

"నెలకే అక్కా. నలభై నాలుగు రూపాయలు."

"మరి గంత చప్పుడు?"

"చప్పుడుకు బిల్లు రాదక్కా."

బాలలక్ష్మి ఇంకోసారి చదివింది. ఇస్త్రీ దగ్గర వేలు ఆపింది. "ఇది గూడ నీదేనా? నువ్వే రాసుకున్నవా?"

"నాదే."

"గాలి పదకొండు అని ఉన్నది, గదేంది?"

వినోద చెప్పింది. బాలలక్ష్మి కళ్లద్దాల మీద నుంచి ఆమె ముఖం చూసింది, ఇది పిచ్చో తెలివో తేల్చుకోలేనట్టు. "నిరుడు ఉన్నోళ్లకు ఈ బుద్ధి ఉంటే నా మూడు వేలు ఉండేటివి," అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువా తలుపు సందులో దోపింది.

"మరి ఒకటో తారీఖు సంగతి?" వినోద అడిగింది. అడగకుండా పైకి వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు.

"ఏ సంగతి?"

"మిషను."

"ఉండనియ్యి. ఎక్కడికి పోతది? పైసలియ్యి, కడ్త."

వినోద నోట్లు ఆమె చేతిలో పెట్టింది. బాలలక్ష్మి రెండు సార్లు లెక్కపెట్టి, ఫోను తీసి, బిల్లు కట్టేసింది.